తమ్ముడికి పంపని మెసేజి

మా పిన్ని కొడుక్కి సోమవారం ఉదయం తొమ్మిదింటికి హైదరాబాదులోని అమెరికా కాన్సులేట్‌లో ఎఫ్-1 వీసా ఇంటర్వ్యూ. డాలస్‌లో మాకు అది ఆదివారం రాత్రి పదిన్నర. కాన్సులేట్ లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కాబట్టి, చెప్పాలనుకున్నది అతను పడుకునేలోపే అందాలని ఆదివారం పొద్దున్నే కూర్చుని ఇలా రాశాను:

"తమ్ముడూ, రేపు నీకు తప్పకుండా వీసా వస్తుంది. అందరి ఆశలూ నీ మీదే ఉన్నాయి. బాబాయి పొలం తాకట్టు పెట్టిన సంగతి గుర్తుంచుకుని జాగ్రత్తగా మాట్లాడు. మీ పెద్దన్నకు మొదటిసారే వచ్చింది, నీకూ వస్తుంది. బయటికి రాగానే ముందు నాకే ఫోన్ చెయ్యి."

పంపే ముందు మా పద్నాలుగేళ్ళ అమ్మాయికి చూపించాను. మనబడిలో తెలుగు నేర్చుకుంది, అక్షరాల కింద వేలు పెట్టుకుని నెమ్మదిగా చదువుతుంది. అలా చదవడం వల్లనేమో, నేను గబగబా రాసేసిన మాటల దగ్గర తను ఆగింది. "అమ్మా, వీసా రాకపోతే మామయ్య దీన్ని మళ్ళీ చదువుకుంటాడు కదా. అప్పుడెలా ఉంటుంది?" అంది.

ఆ కంటితో చదివితే ఒక్క వాక్యం కూడా నిలబడలేదు. తప్పకుండా వస్తుందని మాట ఇవ్వడానికి అది నా చేతిలో ఉన్న పని కాదు. కిటికీ అవతల ఉన్న అధికారి సాధారణంగా రెండు మూడు నిమిషాలు మాట్లాడి తేల్చేస్తారు. చదువు కోసమే వస్తున్నాడని నమ్మకం కుదరకపోతే 214(బి) సెక్షన్ కింద నిరాకరిస్తారు. అది శాశ్వత నిషేధం కాదు. మళ్ళీ ఫీజు కట్టి దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ నా మెసేజిలో ఆ రెండో దారికి చోటే లేదు. రాకపోతే అతను అందరి ఆశలూ వమ్ము చేసినవాడు, పొలం పోగొట్టినవాడు, అన్నకంటే తక్కువవాడు అవుతాడు. పొలం మాట నేను జాగ్రత్త చెప్పడానికే రాశాను. కానీ ఆ కుర్రాడు ఆ సంగతి ఏ రోజు మరిచిపోయాడని?

మా అమ్మాయి తన పద్ధతిలో ఇంకొకటి చెప్పింది: "ఇదేమంత పెద్ద విషయం కాదు, నీలాగా నువ్వు ఉండు చాలు." వాళ్ళ బడిలో స్నేహితులు ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేది అలాగే. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ పొలం కాగితాలు బ్యాంకులో పెట్టిన ఇంటికి ఇది పెద్ద విషయమే. కాదంటే, మా కష్టం అక్కకు పట్టలేదనుకుంటాడు. ఆ మాట తనకు చెబితే కాసేపు ఆలోచించి, "అయితే అప్పు గురించి చెప్పాలి, కానీ మామయ్య మొయ్యనవసరం లేకుండా చెప్పాలి" అంది. ఈ మెసేజికి అసలు ఆయువుపట్టు అదే.

అప్పుడు నాకు మూడు వారాల కిందట తమ్ముడితో ఫోన్‌లో మాట్లాడింది గుర్తొచ్చింది. ఏ యూనివర్సిటీ, ఆ కోర్సే ఎందుకు, డబ్బెవరు పెడతారు అని వీసా అధికారులు మామూలుగా అడుగుతారు. వాటికి జవాబులు బట్టీపట్టి అప్పజెబుతుంటే ఆపించి, "మీ ఊరి నీళ్ళ సంగతి చెప్పు" అన్నాను. వాళ్ళ బోరు ఏయే ఏడాది ఎంతెంత లోతుకు దించారో, చివరికి ఎందుకు ఎండిపోయిందో, భూగర్భజలాల చదువు మీదికి తన మనసు ఎలా మళ్ళిందో ఒక్కసారి కూడా తడబడకుండా చెప్పాడు. కొత్త మెసేజిలో దాన్నే పెట్టాం:

"తమ్ముడూ, కాగితాలన్నీ సర్దుకున్నావని పిన్ని చెప్పింది. ఆ రోజు నువ్వు బోరు సంగతి, ఈ చదువు సంగతి చెబితే, ఇంజనీరింగు తెలియని నాకు కూడా అర్థమైంది. రేపు అడిగితే అలాగే చెప్పు. నిర్ణయం వాళ్ళది. ఏదైనా సరే, తర్వాతి పని ఏమిటో కలిసి ఆలోచిద్దాం. అప్పు విషయం నేనూ బాబాయీ మాట్లాడుకుంటాం. బయటికి వచ్చాక ముందు పిన్నికి ఫోన్ చెయ్యి. నాకు నీకు వీలైనప్పుడు చెయ్యి. దీనికి జవాబు రాయనక్కర్లేదు. అన్నం తిని పడుకో."

చివరి మాట దగ్గర మా అమ్మాయి మళ్ళీ ఆగింది. అది ఆజ్ఞలా ఉందేమో, తీసేద్దామా అని అడిగింది. "రోజూ రాత్రి అమ్మమ్మ ఫోన్‌లో నీకు చెప్పే మాటే కదా" అన్నాను. ఒక్క క్షణం చూసి, ఉంచేయమంది.

కొత్త సలహా ఒక్కటీ చేర్చలేదు. మొదటి మెసేజి రాయబోతూ, నవ్వుతూ మాట్లాడు, కళ్ళలోకి చూడు అని కూడా రాద్దామనుకున్నాను. ముందురోజు రాత్రి అందిన సలహా కిటికీ ముందు నిలబడ్డప్పుడు గుర్తొచ్చి, చెప్పాల్సిన దాన్ని మరిపిస్తుంది. నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో నాకు జరిగింది అదే.

తొమ్మిదిన్నరకు పంపాం. అక్కడ రాత్రి ఎనిమిది. పది నిమిషాలకు రెండు టిక్కులూ నీలంగా మారాయి. జవాబు రాలేదు.

ఇప్పుడు ఇక్కడ పదిన్నర కావస్తోంది. మా అమ్మాయి పడుకోబోతూ, నా ఫోన్ తీసుకెళ్ళి వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టింది. "ముందు పిన్నమ్మమ్మకు కదా చేసేది" అంది.