బడి బల్లలు: పచ్చి కర్రతో మేం పడ్డ పాట్లు

నూజివీడు వైపు ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాలకి కర్ర బల్లలు చేసి నిన్ననే పిల్లల్ని కూర్చోబెట్టి వచ్చాం. మాది విజయవాడ. శని, ఆదివారాల్లో పనిచేసే చిన్న గుంపు. నేను బ్యాంకులో చేస్తాను, మిగతావాళ్ళలో ఇద్దరు లెక్చరర్లు, ఒక ఎలక్ట్రీషియన్, డిగ్రీ పిల్లలు. అనుమతి తేలిగ్గానే దొరికింది, హెడ్మాస్టరు గారు ఒక్క మాటలో ఒప్పుకున్నారు. డబ్బులూ తలా కొంత వేసుకుంటే సరిపోయాయి. మమ్మల్ని ఏడిపించింది ఒక్కటే, కర్ర.

బల్ల నమూనా సులువైనదే. ఒక్క వెడల్పు చెక్క బదులు 5 అంగుళాల పలకలు రెండు పక్కపక్కన, 4 అడుగుల పొడవు. రెండు చివర్లా నిలువు పలకలే కాళ్ళు, వాటిని కలుపుతూ 3 అంగుళాల పక్క పట్టీలు. మూడు నుంచి అయిదో తరగతి పిల్లలకి 14 అంగుళాల ఎత్తు, ఒకటి, రెండు తరగతులకి 12. పుస్తకాల్లోంచి తీసిన కొలతలు కావివి, పిల్లల్ని నిలబెట్టి నేల నుంచి మోకాలి వెనక మడత దాకా టేపు పెట్టి తీసుకున్నవి. చేతి రంపం, చిత్రిక, మూలమట్టం, ఒక డ్రిల్లు మిషన్ ఉంటే చాలు.

వేప కర్ర కావాలనుకున్నాం. పురుగు తొందరగా పట్టదు, ధర కూడా టేకులా భయపెట్టదు. దగ్గర ఊళ్ళో ఒక సామిల్లుకి వెళ్ళి ఎండిన కర్రే కావాలని అడిగాను. "మూడేళ్ళ నాటి మొద్దమ్మా, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళు" అన్నాడు ఓనరు. ఎండలో పరిచిన పలకలు చేత్తో తడిమితే పొడిగానే ఉన్నాయి. నమూనాకని ముందు ఒక్క బల్లే చేశాం, రెండు పలకల మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదిలి. ఆ సందుకో కారణం ఉంది. అంతకంటే కాస్త పెద్దదైతే పసిపిల్లల వేలు ఇరుక్కుంటుంది.

కొన్ని వారాలకి హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. వెళ్ళి చూస్తే సందు దాదాపు రెట్టింపైంది. ఒక పలక స్క్రూ దగ్గర నుంచి నిలువునా చీలింది. కర్ర కుంచించుకుపోవడంతో స్క్రూ తలలు పైకి తేలి పిల్లల నిక్కర్లు చింపుతున్నాయి. పచ్చి కర్ర ఆరేటప్పుడు పొడవులో తగ్గేది దాదాపు ఏమీ ఉండదు, తగ్గేదంతా వెడల్పులోనూ మందంలోనూ. అడ్డంగా స్క్రూలతో బిగించి కదలకుండా పట్టేస్తే ఇక చీలడమే దానికి దారి.

ఆ బల్లని ఆటోలో వేసుకుని సామిల్లుకి పట్టుకెళ్ళాను. ఓనరు నా మొహం కూడా చూడకుండా, "కర్రన్నాక పగలదా? పని రానివాళ్ళు ముట్టుకుంటే ఇంతే. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టుకోక నీకెందుకమ్మా ఈ వడ్రంగం?" అన్నాడు. హమాలీలు నవ్వారు. కర్ర కొనడానికొచ్చిన మనుషులూ నవ్వారు. పిల్లల బడికని చెప్పి కొన్న సరుకులో మోసం చేసి, అడిగితే ఆడమనిషినని హేళన చేశాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాల్సిన పనీ లేదు.

పల్లెలో ఒక పెద్ద వడ్రంగి బాబాయి ఉన్నాడు. మిగిలిన పలకని ఆయన మధ్యలోకి కోసి, రంపపు పొట్టు గుప్పిట్లో పట్టి నొక్కాడు. ముద్ద కట్టింది. "పైన ఎండ కొట్టిందమ్మా, లోపలంతా నీళ్ళే. ఎండిన కర్ర పొట్టు ఇలా నిలవదు, రాలిపోద్ది" అన్నాడు. పలక చివర చూసి మోసపోవద్దని కూడా చెప్పాడు, చివర్లు ఎప్పుడూ ముందే ఆరతాయట.

గుప్పిట లెక్క నాకు చాల్లేదు, అంకె కావాలి. పలక చివర నుంచి అడుగు లోపలికి వెళ్ళి ఒక ముక్క కోసి వంటింటి కాటా మీద పెడితే 310 గ్రాములు తూగింది. లెక్చరరు గారింటి ఓవెన్లో వంద డిగ్రీలు దాటీ దాటని వేడిలో పెట్టి, మధ్యమధ్యలో తూస్తూ, బరువు ఇక తగ్గడం ఆగేదాకా ఉంచాం. 226 దగ్గర ఆగింది. పోయిన నీరు 84 గ్రాములు. దాన్ని ఎండిన బరువు 226తో భాగిస్తే 37 శాతం తేమ. మా వైపు గాలికి కర్ర 12, 15 శాతం మధ్య కుదురుకుంటుంది. ఆ కాగితం పట్టుకెళ్ళి ఓనరు బల్ల మీద పెట్టాను. ఈసారి నవ్వలేదు. డబ్బూ ఇవ్వలేదు. మళ్ళీ అక్కడ గడప తొక్కలేదు.

రెండో సామిల్లులో, "పచ్చిదే, కావాలంటే ఆరబెట్టుకోండి" అని మొహం మీదే చెప్పాడు. అలాంటి మనిషి దగ్గరే కొనాలి. బడి వరండాలో నీడన ఇటుకలు పేర్చి, పలకల వరసకీ వరసకీ మధ్య అంగుళం మందం రీపర్లు అడ్డంగా పెట్టాం. రీపర్లన్నీ కింది నుంచి పైదాకా ఒకే నిలువులో ఉండాలి, పక్కకి జరిగితే పలక అక్కడ వంగిపోతుంది. చివర్లు తొందరగా ఆరి పగలకుండా మిగిలిపోయిన ఎనామిల్ రంగు పూశాం. పలకలు మెలి తిరక్కుండా పైన బరువైన రాళ్ళు పెట్టాం. ఎండలో మాత్రం పెట్టలేదు.

ఆరిందో లేదో ఊహించనక్కర్లేదు. ఈ కొత్త పలకల్లోంచీ ఒక ముక్క కోసి అలాగే తూచాం, ఇంచుమించు అదే 37 శాతం వచ్చింది. ఒక పలక మీద గుర్తు పెట్టి తూస్తే 4.8 కిలోలు. దాన్ని 1.37తో భాగిస్తే నీరే లేని బరువు 3.5 కిలోలు. 15 శాతం తేమతో అది 4 కిలోల పైచిలుకు తూగాలి. కాబట్టి ఆ పలక 4 కిలోలకు దిగేదాకా ఎవరూ రంపం ముట్టకూడదని నియమం పెట్టాను. గుంపులో కుర్రాళ్ళు విసుక్కున్నారు, ఇద్దరు మానేశారు కూడా. వేసవి సెలవులన్నీ దానికే పోయాయి. నేను మాట మార్చలేదు.

తర్వాత పని చకచకా సాగింది. స్క్రూలు ఈసారి పైనుంచి కాకుండా, కూర్చునే పలకల కింద అడ్డంగా పెట్టిన బద్దల్లోంచి పైకి బిగించాం. బద్దలో కన్నం స్క్రూ కంటే కాస్త పెద్దది, అందువల్ల వానాకాలం ఉబ్బినా ఎండాకాలం తగ్గినా పలక కదలడానికి చోటుంటుంది. కాలి పలక అడుగున మధ్యలో వంపు కోస్తే నేలని తాకేవి నాలుగు మూలలే అవుతాయి, నాపరాళ్ళ నేల మీద ఊగడం బాగా తగ్గింది.

ఊళ్ళో కొందరు చెదపురుగుకని వాడేసిన ఇంజనాయిల్ పూయమన్నారు. పిల్లలు కూర్చునే చెక్కకి అది పూయొద్దు. బట్టలకీ చేతులకీ అంటుతుంది, ఒంటికి మంచిది కాదు. మేం అవిసె నూనె పూశాం. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండ చుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో ముంచి, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి.

ఒకటో తరగతి బల్లలు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటి పలకలు వేసవి చివర్లో కొన్నవి, వాటిలో గుర్తు పెట్టినదానికీ లెక్క 4 కిలోలకే తేలింది, నిన్న అది 4.3 తూగింది. వానలు మొదలయ్యాయి కాబట్టి మెల్లగానే దిగుతుంది. దసరా సెలవుల్లోనైనా చేసేయమని కుర్రాళ్ళు అంటున్నారు. కాటా 4 చూపిస్తేనే చేస్తాం.