మూడో నెల: స్వగృహ షాపు లోగో, ఫ్లెక్సీ మీద విడిపోయిన వత్తు

షాపులకు పోస్టర్లు, లోగోలు చేసిపెట్టే పని మొదలుపెట్టి ఇది మూడో నెల. తెనాలిలో మా వీధి చివరి స్వగృహ ఫుడ్స్ షాపే నాకు మొదటి క్లయింట్. అంతకుముందు రెండు షాపుల్లో "పోస్టర్లు చేస్తాను" అని నోటిమాటగా చెబితే వద్దన్నారు. అందుకే ఇక్కడికి ఉత్త చేతుల్తో వెళ్లలేదు. అరిసెలు పావుకిలో కొని, ఇంట్లో కిటికీ దగ్గర వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీశాను. కాన్వా ఫ్రీ వెర్షన్‌లో 1080 × 1920 సైజులో వాట్సాప్ స్టేటస్ తయారుచేసి చూపించాను. షాపు ఆంటీ కాసేపు చూసి, "ధర ఇంకా పెద్దగా పెట్టు బాబూ, కళ్లద్దాలు లేకుండా కనపడాలి" అన్నారు. మార్చి ఇచ్చాను. అది ఉచితం. ఆ స్టేటస్ చూసి నలుగురు ఫోన్ చేశారట, వారం తిరక్కుండా లోగో అడిగారు. 800 రూపాయలకు ఒప్పుకున్నాను, మార్పులు రెండుసార్లే అని ముందే చెప్పాను.

లోగోకి కాన్వా టెంప్లేట్ వాడలేదు. అదే టెంప్లేట్ ఇంకో షాపువాళ్లూ వాడుకోవచ్చు, రేపు ట్రేడ్‌మార్క్ చేయించాలన్నా ఇబ్బందే. ఇంక్‌స్కేప్ ఉచితం, పైగా ఎంత పెద్దది చేసినా గీతలు చెదరవు. గూగుల్ ఫాంట్స్‌లోని రామభద్ర తీసుకుని "స్వగృహ" అని రాశాను. బోర్డు మీద నిండుగా ఉంది. వాట్సాప్ డీపీలో గోరంత అయ్యేసరికి మాత్రం వట్రసుడి ముద్దలా కనిపించింది. డీపీకి గుండ్రం మధ్యలో ఒక్క "స్వ" ఉంచాను.

అసలు టెన్షన్ ఫ్లెక్సీ దగ్గర వచ్చింది. ఫైలు పంపిన గంటకి ఫ్లెక్సీ షాపతను ఫోన్ చేసి, "తమ్ముడూ, వత్తు విడిపోయింది, చూసుకో" అన్నాడు. "స్వ" కాస్తా "స్‌వ" అయి కూర్చుంది. వాళ్లు ఏళ్లుగా అను ఫాంట్లతో పనిచేస్తున్నారు, అవి యూనికోడ్ కావు. అక్షరానికి వత్తు ఎలా అతకాలో చెప్పే సమాచారం ఫాంట్ ఫైలులో ఉంటుంది. ఆ కంప్యూటర్‌లో నా ఫాంటూ లేదు, యూనికోడ్ తెలుగును సరిగా కలిపే సాఫ్ట్‌వేరూ లేదు. అతను ప్రింట్ కొట్టకముందే చెప్పడం నా అదృష్టం.

ఇంక్‌స్కేప్‌లో అక్షరాలను ఎంచుకుని `Path > Object to Path` నొక్కితే అవి అక్షరాలుగా కాక గీతలుగా మారిపోతాయి. ఇక ఫాంట్‌తో పనే లేదు. మారిందో లేదో తెలుసుకోవాలంటే సెలెక్ట్ టూల్‌తో పేరు మీద క్లిక్ చేసి కింద స్టేటస్ బార్ చూడాలి: అక్కడ Text అని కనిపించకపోతే మారినట్టే. ఆ తర్వాత అక్షరదోషం దిద్దలేం కాబట్టి, మార్చకముందు ఫైలుని వేరే పేరుతో దాచుకుంటున్నాను. పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాను. ఫొటోగా పంపితే కుదించేస్తుంది. ఈసారి 6 × 3 అడుగుల ఫ్లెక్సీలో వత్తు దాని చోటే ఉంది.

ఆ ఫ్లెక్సీ షాపతనే నాకు రెండో క్లయింట్‌ని పంపాడు. టైలరింగ్ షాపు, నెలకి 8 పోస్టర్లు, 1200 రూపాయలు, సగం అడ్వాన్స్. సోమవారం బ్లౌజుల ఫొటోలు తీయడానికి వెళ్తున్నాను.