తెలుగులో అన్నది అమ్మకెందుకు చెప్పారు?

పదకొండు దాటింది. పడుకుందామంటే ఆ అబ్బాయి మెట్ల మీద అన్న మాట చెవిలోనే ఉంది. మా ఆయనకి చెప్తే "నీకు జీతమిచ్చేది వాళ్ళు కాదుగా, వదిలెయ్" అని అటు తిరిగి పడుకున్నారు. అందుకే ఇక్కడికొచ్చాను.

ఆసుపత్రిలో ఒరియా పేషెంట్లకీ తెలుగు డాక్టర్లకీ మధ్య ఇంటర్‌ప్రెటర్‌ని కదా నేను. ఈరోజు పేషెంటు కోరాపుట్ నుంచి వచ్చిన పెద్దావిడ. నిన్న రాత్రి కిరండూల్ పాసింజర్‌లో దిగారట. కొడుకు గాజువాకలో పని చేస్తాడు, తెలుగు బాగానే వచ్చు. ఆవిడకి ఒరియా తప్ప ఏమీ రాదు. చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ళ జ్వరం వల్ల గుండెలో మైట్రల్ కవాటం బిగుసుకుపోయింది, గుండె లయ కూడా తప్పింది. పోయినసారి స్కాన్‌లో గుండె ఎడమ పైగదిలో రక్తపు గడ్డ కనిపించిందని రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ ఇచ్చారు.

లోపలికి వెళ్ళగానే నా కుర్చీ ఆవిడ పక్కన కాస్త వెనక్కి వేసుకున్నాను. ఎదురుగా కూర్చుంటే డాక్టర్లు నన్నే చూసి మాట్లాడతారు. తర్వాత ఎప్పుడూ చెప్పే నాలుగు ముక్కలు రెండు భాషల్లోనూ చెప్పాను. మీరిద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోండి, "నేను" అంటే ఆ మాట అన్నవాళ్ళే, నేను కాదు, గదిలో ఎవరేమన్నా మొత్తం చెప్తాను, చెప్పకూడదనుకున్నది ఇక్కడ అనకండి, విన్నది బయట ఎవరికీ చెప్పను. ఈ ఆఖరి మాట కోసమే ఇక్కడ రాసేటప్పుడు కూడా ఊరూ పనీ కాస్త మార్చి రాస్తానని మీకు తెలుసు కదా.

డాక్టరుగారు రిపోర్టు చూశారు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ 1.3. ఆవిడకి 2కీ 3కీ మధ్య ఉండాలి. తక్కువైతే గడ్డ కరగదు, ఎక్కువైతే రక్తస్రావం భయం. "మాత్ర రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగారు. నేను ఒరియాలో అడిగేలోపే కొడుకు తెలుగులో అందుకున్నాడు. "ఒక్కరోజు మానలేదు సార్, టైముకి వేసుకుంటుంది."

డాక్టరు ప్రశ్ననీ, కొడుకు జవాబునీ రెండూ ఆవిడకి ఒరియాలో చెప్పాను. ఆవిడ తలెత్తి కొడుకు వంక చూసి, నెమ్మదిగా చెప్పింది. నేను తెలుగులోకి తెచ్చాను: "స్ట్రిప్ అయిపోయాక నేను వేసుకోలేదు. మా ఊళ్ళో ఆ మాత్ర దొరకలేదు. అబ్బాయికి చెప్తే కంగారు పడతాడని ఊరుకున్నాను." పక్కన రాసుకుంటున్న జూనియర్ డాక్టరమ్మ పెన్ను ఆపి నన్ను చూసింది, మాత్ర మానేసింది నేనే అన్నట్టు. ఇది నాకు అలవాటే. కానీ "ఆవిడ అంటోంది, అతను అంటున్నాడు" అని మొదలుపెడితే ముగ్గురు మాట్లాడే గదిలో మాత్ర మానింది ఎవరో, దాచింది ఎవరో తేలదు.

ఇక డాక్టరుగారికి కోపం వచ్చింది. "ఇంత చెప్పినా వినకపోతే నేనేం చెయ్యను? ఆ గడ్డ ఊడి మెదడుకి వెళ్తే పక్షవాతం వస్తుంది, తెలుసా?" అదీ చెప్పాను, ఆ విసుగుతో సహా. ఆవిడ వయసున్న మనిషిని నా నోటితో కేకలేసినట్టే అనిపించింది. ముఖం చూడకుండా నోట్‌బుక్ చూస్తూ చెప్పాను.

మెట్ల మీద కొడుకు ఆపాడు. "మేడమ్, నేను డాక్టరుతో తెలుగులో అన్నది అమ్మకి చెప్పమని ఎవరన్నారు? అమ్మకి తిట్లు కూడా చెప్పాలా? మీరు మా తరఫు అనుకున్నాను."

తరఫా! నేను ఎవరి తరఫూ కాదు. ఎవరేమన్నా మొత్తం చెప్తానని మొదట చెప్పింది ఎవరు విన్నారు?

రాయగడలో ఉన్నప్పుడు సంగతి గుర్తొచ్చింది. నాన్నది రైల్వే. అమ్మకి ఒరియా అంతంతమాత్రం. నెలసరి ఆగకుండా రక్తం పోతుంటే ఎదురింటి మేష్టారిని తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది, నన్నూ తీసుకెళ్ళింది. నాకు ఒరియా మా వీధి పిల్లలతో ఆడుకుంటూనే వచ్చేసింది. డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. గర్భసంచిలో గడ్డలున్నాయి, రక్తం బాగా తక్కువుంది, ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారు, ఆపరేషన్ గురించి ఆలోచించుకోండి అన్నాడు. మేష్టారు అంతా విని "ఏం కంగారు లేదమ్మా, బలానికి మందు రాశారు" అన్నారు. పాపం, ఆయనకి ఆ మాటలు ఆడమనిషితో అనడానికి సిగ్గు. అమ్మ నా వైపు చూసింది. ఇంటికొచ్చాక వంటింట్లో కూర్చోబెట్టి "ఆయన అంతసేపు మాట్లాడితే ఈయన రెండు ముక్కలు చెప్పాడేంటే?" అంది. విన్నది విన్నట్టు చెప్పాను. అమ్మకి కోపం వచ్చింది డాక్టరు మీద కాదు, మేష్టారి మీద. "నా ఒంట్లో సంగతి ఆయన దాచుకుంటాడా!" అని పప్పు గుత్తి గిన్నెలో విసిరేసింది. ఆ తర్వాత వాళ్ళింటికి గిన్నెలో కూర పంపడం కూడా మానేసింది.

కాబట్టి ఆ అబ్బాయికి సారీ చెప్పేది లేదు అని రాయబోయాను.

కానీ ఇదంతా రాస్తుంటే వేరే సంగతి తడుతోంది. మేష్టారిలా అతను దాచాలనుకోలేదు. అతనికి మాత్ర మానిన సంగతే తెలీదు. నిజమనుకునే అన్నాడు. తల్లి ఎదుట, డాక్టరు ఎదుట అతని మాట అబద్ధమైపోయింది, అదీ నా నోటితో. నా మీద కాకపోతే ఎవరి మీద విసుక్కుంటాడు? అలాగని ఆ వాక్యం ఆవిడకి చెప్పకుండా ఉంటే? రోజూ వేసుకుంటున్నా ఐఎన్ఆర్ పెరగలేదనుకుని డాక్టరు మోతాదు పెంచేవారు. ఆవిడ మాత్రలు కొని ఆ పెంచిన మోతాదు నిజంగా వేసుకుంటే రక్తస్రావం అయ్యేది. సరే, చెప్పడం సరే. అతను విసుక్కోవడమూ సరే. ఇంతకుమించి తేల్చలేను.

మంచి సంగతి ఒకటుంది, అదీ రాయాలి. డాక్టరుగారు గబగబా "టీఈఈ చేసి క్లాట్ లేకపోతే పీటీఎంసీ" అన్నారు. రెండూ నాకు తెలియవు. ముందు ఆవిడకి "నాకు అర్థం కాని మాటలున్నాయి, డాక్టరుగారిని అడుగుతున్నాను" అని చెప్పి, "సార్, ఇంటర్‌ప్రెటర్ అడుగుతోంది, ఈ రెండూ మామూలు మాటల్లో చెప్తారా?" అన్నాను. నా సొంత ప్రశ్నకి "నేను" వాడితే పేషెంటు అడిగిందనుకుంటారు. ఆయన విసుక్కోకుండా కాగితం మీద బొమ్మ గీశారు. అన్నం దిగే గొట్టం గుండెకి సరిగ్గా వెనకే ఉంటుందట, అందుకని నోట్లోంచి సన్నని గొట్టం పంపి గడ్డ ఉందో కరిగిందో దగ్గరగా చూస్తారు. అది టీఈఈ. పీటీఎంసీ అంటే తొడ దగ్గరి రక్తనాళంలోంచి బెలూన్ పంపి బిగిసిన కవాటాన్ని తెరవడం. గడ్డ ఉండగా చేస్తే అది ఊడిపోవచ్చు, అందుకే ముందు మాత్రలు. ఆ రెండు పేర్లూ అలాగే ఉంచి, అర్థం ఒరియాలో చెప్పాను. రేపు చీటీ మీద అవే పేర్లుంటాయి, కౌంటర్లో అవే అడుగుతారు. ఆవిడ బొమ్మ చూసి, "గొట్టం వేసే ముందు నేను తినొచ్చా?" అని అడిగింది. ఆరు గంటల ముందు నుంచి ఏమీ వద్దన్నారు.

ఆకుకూర గురించీ అడిగింది. మానక్కర్లేదు, కానీ ఒకరోజు గిన్నెడు, ఇంకోరోజు అసలు లేకుండా కాకుండా రోజూ ఒకేలా తినమన్నారు. కొడుకు మధ్యలో "మానెయ్యమంటున్నారమ్మా" అన్నాడు ఒరియాలో. అదీ డాక్టరుకి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. అతను నన్ను చూసిన చూపు ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తోంది.

వచ్చే వారం మళ్ళీ ఐఎన్ఆర్. కోడలు తోడొస్తుందట, ఆమెకి తెలుగు రాదు. నాకు పని తగ్గుతుంది.