౧౨వ అధ్యాయమా, 12వ అధ్యాయమా: మా గీత వీడియోల శీర్షికలు మార్చిన కథ

మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన చదివిన భగవద్గీతను అధ్యాయానికొక వీడియోగా, పద్దెనిమిదీ యూట్యూబ్‌లో పెట్టాను. చదవడం ఆయన వంతు, రికార్డింగూ ఎడిటింగూ నా వంతు. శీర్షికల్లో అంకెలు తెలుగులోనే ఉండాలన్నది ఆయన పెట్టిన ఒకే ఒక షరతు. "పుస్తకంలో ॥ ౧౩ ॥ అని ఉంటే నువ్వు 13 అని ఎందుకు రాస్తావమ్మాయ్?" అన్నారు. ఆయన చూసి చదివే గీత ప్రతిలో శ్లోకాల సంఖ్యలన్నీ తెలుగు అంకెల్లోనే ఉన్నాయి. నాకూ అదే అందంగా తోచి "భగవద్గీత ౧౨వ అధ్యాయం – భక్తి యోగం" అన్న పద్ధతిలో అన్నీ పెట్టేశాను.

కొన్ని నెలలు గడిచాక చూస్తే, మా బంధువులూ నాన్నగారి పాత శిష్యులూ తప్ప కొత్తవాళ్లు పెద్దగా రావడం లేదు. యూట్యూబ్ స్టూడియోలో ఒక్కో వీడియోకూ చూసేవాళ్లు ఎక్కడినుంచి వచ్చారో తెలిపే భాగం ఉంటుంది. అందులో YouTube search అన్న వరుస నొక్కితే, వాళ్లు వెతుకుతూ టైపు చేసిన మాటలు కనిపిస్తాయి. మా జాబితాలో ఉన్నవి ఇలాంటివి: "bhagavad gita chapter 12 telugu", "భగవద్గీత 12వ అధ్యాయం", "గీత పన్నెండవ అధ్యాయం", "భక్తి యోగం". పద్దెనిమిది వీడియోల జాబితాలూ తిరగేశాను. ౧౨ అని గానీ ౧౫ అని గానీ వెతికినవాళ్లు ఒక్కరూ కనబడలేదు. అంకె ఉన్న ప్రతి వెతుకులాటలోనూ ఉన్నది మామూలు అంకే.

కాస్త ఆలోచిస్తే కారణం కష్టమైనదేమీ కాదు. ఫోనులో తెలుగు కీబోర్డు తెరిచినా అంకెల వరుసలో ముందు కనిపించేవి 1, 2, 3లే. నోటితో చెప్పి వెతికితే "పన్నెండు" అన్న మాటను ఫోను చాలాసార్లు 12గానే రాస్తుంది. చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొడతారు, అక్కడ తెలుగు అంకెకు చోటే లేదు. పైగా కంప్యూటరుకు ౩, 3 రెండు వేర్వేరు అక్షరాలు. రెంటి విలువా మూడేనని యూనికోడ్ పట్టికలో రాసి ఉన్నా, వెతికే యంత్రం ప్రత్యేకంగా ఒకదాన్ని ఇంకోదానికి ముడిపెడితే తప్ప అవి కలవవు. యూట్యూబ్ లోపల ఏం చేస్తుందో బయటినుంచి కనబడదు కాబట్టి, నేను చేయగలిగింది శీర్షిక మార్చి చూడటమే.

మొదటిసారి తప్పుగా మార్చాను. అన్ని శీర్షికలూ ఒకే రోజున మామూలు అంకెల్లోకి తెచ్చేశాను. రెండు వారాల్లో చూసేవాళ్లు బాగా పెరిగారు. సంతోషంగా నాన్నగారికి చెబితే ఆయన క్యాలెండరు చూపించి "మార్గశిర శుద్ధ ఏకాదశి వచ్చిందమ్మా, గీతాజయంతి" అన్నారు. నిజమే, ఆ రోజుల్లో గీత కోసం వెతికేవాళ్లే ఎక్కువ. ఆ పెరుగుదలలో అంకెల వాటా ఎంతో, పండుగ వాటా ఎంతో విడదీసే దారి లేకుండా పోయింది.

పండుగ సందడి తగ్గాక మళ్లీ మొదలుపెట్టాను. బేసి అధ్యాయాలకు మామూలు అంకెలు, సరి అధ్యాయాలకు తెలుగు అంకెలు ఆరు వారాలు ఉంచి, తర్వాతి ఆరు వారాలు తారుమారు చేశాను. జనం ఎక్కువగా పారాయణ చేసే 12, 15 అధ్యాయాలు చెరొక వైపు పడ్డాయి, అది కలిసొచ్చింది. ఒక వీడియోను ఇంకో వీడియోతో పోల్చలేదు. భక్తి యోగం కోసం వచ్చేవాళ్లూ విభూతి యోగం కోసం వచ్చేవాళ్లూ సమానంగా ఉండరు. ప్రతి వీడియోనూ దానితోనే, అదీ వెతుకులాట ద్వారా వచ్చినవాళ్ల సంఖ్యలోనే పోల్చాను. దాదాపు ప్రతిదానికీ మామూలు అంకె ఉన్న ఆరు వారాల్లోనే ఆ సంఖ్య ఎక్కువగా ఉంది. యూట్యూబ్ తనంతట తాను చూపించగా వచ్చినవాళ్లలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. మాది చిన్న ఛానెల్. ఒక వీడియోకు పదిమంది అటూ ఇటూ అయితే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. దాదాపు అన్నీ ఒకే వైపు మొగ్గాయి కాబట్టే నమ్మాను.

శీర్షికలు మార్చేటప్పుడు ఒక పాత పొరపాటు బయటపడింది. చేత్తో మారిస్తే తప్పులొస్తాయని జాబితా అంతా ఒక ఫైల్లో పెట్టి చిన్న పైథాన్ ప్రోగ్రాముతో ఇలా మార్చాను:

```python
t = str.maketrans("౦౧౨౩౪౫౬౭౮౯", "0123456789")
print("౧౦వ అధ్యాయం".translate(t))
```

ఇక్కడ రాసినట్లయితే "10వ అధ్యాయం" అని రావాలి. నా ఫైల్లో మాత్రం "1ంవ అధ్యాయం" అని వచ్చింది. మొదట ఆ శీర్షికను ఫోనులో కొట్టినప్పుడు తెలుగు సున్నా అంకె దొరక్క, 'అం'లోని సున్నను పెట్టేశాను. కంటికి రెండూ దాదాపు ఒకటే. కానీ అంకె ౦ యూనికోడ్‌లో U+0C66, అక్షరం పక్కన పెట్టే సున్న U+0C02. అంటే పదో అధ్యాయం శీర్షికలో ఇన్నాళ్లూ పది అన్న సంఖ్యే లేదు. ఎవరైనా తెలుగు అంకెల్లో వెతికినా అది దొరికేది కాదు. మీ శీర్షికల్లో ౧౦, ౨౦ ఉంటే ఇది తప్పక చూసుకోండి.

ఇక చదవడం సంగతి. థంబ్‌నెయిల్‌ను ఫోనులో కనబడేంత చిన్నదిగా పెట్టి ఇంట్లోవాళ్లకు చూపించాను. అమ్మ, మేనత్త తెలుగు అంకెలను ఇట్టే చదివారు. మా అన్నయ్య ౩ని మూడు అన్నాడు, అది ఎటూ మామూలు మూడులాగే ఉంటుంది. ౭ దగ్గర ఆగిపోయాడు. ఇంటర్ చదివే మేనకోడలు ౬ను తొమ్మిది అంది. ఒక వీడియో కింద "ఆరో అధ్యాయం పెట్టి తొమ్మిది అని రాశారేంటండీ" అని ఎవరో అడిగితే అంతకుముందు నాకు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది. చదువుకున్న తెలుగువాళ్లే తడబడుతుంటే బాధేసింది. కానీ దినపత్రికలో, బస్సు మీద, క్యాలెండరులో ఎక్కడా కనబడని అంకె వాళ్లకు ఎలా అలవాటవుతుంది?

అంకెలు వదిలి "పన్నెండవ అధ్యాయం" అని మాటల్లో రాద్దామనీ అనుకున్నాను. శీర్షికకు వంద అక్షరాలే పరిమితి, అందులో గుణింతపు గుర్తులూ పొల్లూ విడివిడిగా లెక్కకొస్తాయి. "12వ" మూడు, "పన్నెండవ" ఎనిమిది. అందుకని మాటను వివరణలో మొదటి వాక్యానికి పంపి, శీర్షిక ఇలా ఖాయం చేశాను: "భగవద్గీత 12వ అధ్యాయం | భక్తి యోగం | తెలుగు తాత్పర్యంతో". 12కూ 'వ'కూ మధ్య ఖాళీ వదల్లేదు. వదిలితే ఫోనులో ఒక్కోసారి 'వ' కింది వరుసలోకి జారిపోతోంది.

నాన్నగారిని ఒప్పించడానికి ఒక సాయంత్రం పట్టింది. "ఇంగ్లీషు అంకెలకు లొంగిపోయాం" అన్నారు. అవి ఇక్కడే పుట్టి అరబ్బుల ద్వారా యూరపు చేరిన అంకెలనీ, మన రాజ్యాంగం 343వ అధికరణం కూడా వాటిని భారతీయ అంకెల అంతర్జాతీయ రూపమనే పిలుస్తుందనీ చెప్పాను. ఆ మాటకు కొంత మెత్తబడి ఇంకో షరతు పెట్టారు. దాని ప్రకారం వీడియో లోపల తెరమీద శ్లోకం చివర సంఖ్య తెలుగులోనే ఉంటుంది. "అద్వేష్టా సర్వభూతానాం" శ్లోకం పూర్తికాగానే ॥ ౧౩ ॥ అని పడుతుంది, ఆయన అదే సమయానికి "పదమూడు" అంటారు. అక్కడ ఆ అంకెను ఎవరూ వెతకనక్కర్లేదు, గొంతు వింటూ చూస్తే చాలు. మొన్నటికి ఏడు అధ్యాయాలకు అలా మార్చి మళ్లీ ఎక్కించాను, ఇంకా పదకొండు మిగిలాయి.