మారుతీ నివేదికలతో రిలేటెడ్ పార్టీ నోటు నేర్చుకున్న తీరు

సీఏ ఫైనల్ మొదటి ప్రయత్నంలో, రిలేటెడ్ పార్టీలను, అంటే కంపెనీతో యాజమాన్య, నియంత్రణ సంబంధం ఉన్నవారిని ఎలా వెల్లడించాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 24 ప్రశ్న దగ్గర నాకు మార్కులు పోయాయి. నిర్వచనం కంఠతా వచ్చినా, రెండు కంపెనీలకూ ఒకే డైరెక్టర్ ఉన్నాడన్న ఒక్క కారణంతో వాటిని రిలేటెడ్ పార్టీలని రాసేశాను. ఆ కారణం ఒక్కటే చాలదని అదే ప్రమాణంలోని 11వ పేరా చెబుతుంది. అందుకే రెండోసారి గైడు పక్కన పెట్టి, మారుతీ సుజుకీ 2022-23, 2023-24 వార్షిక నివేదికలను పక్కపక్కన తెరుచుకుని కూర్చున్నాను.

వాటిలోని రిలేటెడ్ పార్టీ నోటులో ముందు సంబంధాల జాబితా, తర్వాత లావాదేవీలు, చివర బకాయిలు ఉంటాయి. చాలామంది నేరుగా అంకెల మీదికి వెళ్తారు గానీ, అసలు కథ జాబితాలోనే ఉంటుంది. సుజుకీ మోటార్ గుజరాత్ సంగతే చూడండి. గుజరాత్‌లోని హన్సల్‌పూర్‌లో కార్లు తయారుచేసి మారుతీకే ఇస్తూ వచ్చిన ఈ సంస్థ, తొలి నివేదిక నాటికి జపాన్ సుజుకీ సొత్తు. అంటే ఇద్దరికీ మాతృసంస్థ ఒకటే కాబట్టి అది మారుతీకి తోటి అనుబంధ సంస్థ. 2023 నవంబరులో మారుతీ తన షేర్లు జారీచేసి దాన్ని సుజుకీ నుంచి కొనుక్కోవడంతో, మరుసటి నివేదికలో అది మారుతీ సొంత అనుబంధ సంస్థ అయింది. కార్ల కొనుగోలు మాత్రం ఎప్పటిలాగే సాగింది. ఆ మరుసటి నివేదికలో ఈ కొనుగోళ్లు మారుతీ ఒక్కదాని లెక్కలకు చెందిన స్టాండలోన్ నోటులోనే కనిపిస్తాయి. గ్రూపు లోపలి లావాదేవీలను, అన్ని సంస్థల లెక్కలనూ ఒకటిగా కలిపే కన్సాలిడేషన్‌లో కొట్టివేస్తారు కనుక, కన్సాలిడేటెడ్ నోటు ఒక్కటే చదివినవారికి ఇంత పెద్ద బంధం జాడ ఆ నోటులో దొరకదు.

నన్ను ఎక్కువసేపు ఆపింది కారు సీట్లు తయారుచేసే భారత్ సీట్స్. మారుతీకి అందులో ఉన్న వాటా 15 శాతం లోపే, అయినా దాన్ని అసోసియేట్‌గా, అంటే మారుతీకి గణనీయ ప్రభావం ఉన్న సంస్థగా చూపించారు. 20 శాతం అనేది గణనీయ ప్రభావం ఉందని ఊహించుకోవడానికి పెట్టిన గీతే తప్ప, అంతకు తక్కువైతే ప్రభావం లేనట్టే అనే నియమం కాదు. అనుమానం తీర్చుకోవడానికి భారత్ సీట్స్ సొంత నివేదిక తెరిచాను. మారుతీ పద్దుల్లో చిన్న గీతగా కనిపించిన సీట్ల కొనుగోలు, అక్కడ అమ్మకాల్లో సింహభాగం. ఒకే లావాదేవీని రెండు వైపుల నుంచీ చూస్తే తప్ప ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో అర్థం కాదు.

అయితే ఈ జాబితాకు ఒక హద్దు ఉంది. మాతృసంస్థ, అనుబంధ సంస్థల మధ్య బంధాన్ని లావాదేవీ లేకపోయినా వెల్లడించాలి గానీ, మిగతా రిలేటెడ్ పార్టీల వివరాలు లావాదేవీలు జరిగినప్పుడే ఇవ్వాలి. కాబట్టి ఒక పేరు నోటులోంచి మాయమైతే, బంధం తెగిందా లేక ఆ ఏడాది వ్యాపారం జరగలేదా అన్నది తేల్చుకోవడానికి నేను పాత నివేదికలోని జాబితాను, అసోసియేట్లలో పెట్టుబడుల నోటును కలిపి చూసేవాణ్ని.