అరిసెల పాకం దగ్గర మూడో చిత్తు కూడా బోల్తా

ఈసారి అరిసెలు నూనెలో విచ్చిపోలేదు. చల్లారాక రోకలితో కొట్టాల్సి వచ్చింది. ఒంగోలు నుంచి మా పిన్ని కూతురు వీడియో కాల్‌లో ఒక అరిసెను స్టీలు పళ్ళెంలో పడేసి చూపించింది. టంగుమని మోగింది. "అమ్మమ్మ మాటలు భలే రాశావక్కా, అవి చదువుతుంటేనే పాకం ముదిరిపోయింది" అంది. మెచ్చుకుందనుకున్నాను. తప్పంతా ఆ మాటలోనే ఉందని తెలిసేసరికి రెండు రోజులు పట్టింది.

కావలిలో మా అమ్మమ్మ నోటుపుస్తకంలో ఏ వంటైనా రెండు మూడు లైన్లే. వాటిని, పొయ్యి దగ్గరికి ఎప్పుడూ పోని పిల్లలకు ఆమె పక్కన నిలబడి నేర్పిస్తున్నట్టు తిరగరాస్తున్నాను. పులిబొంగరాలు మొదటి చిత్తుకే కుదిరాయి. చేపల పులుసు రెండో చిత్తుకు. అరిసెలు మాత్రం సంక్రాంతి దాటినా తేలలేదు.

పుస్తకంలో ఉన్నది ఇంతే:

"బియ్యం కేజీ, బెల్లం ముప్పావు. నానేసి దంచి జల్లించాలి. ఉండపాకం పట్టి పిండి కలపాలి. నూనెలో వేసి తీసి వత్తాలి."

మొదటి చిత్తులో నేను చేసిందల్లా ప్రతి లైను ముందూ "అమ్మణ్ణీ" అని చేర్చడం. పిండి తడిగా ఉండాలని రాయకపోవడంతో చెల్లి కొట్టు నుంచి ప్యాకెట్ బియ్యప్పిండి తెచ్చి కలిపింది. ప్యాకెట్ పిండితో అరిసెలు వస్తాయనేవాళ్ళతో నేను వాదించను, నాకైతే రావు. ఇప్పుడు ఆ చోట "గుప్పిట్లో పట్టి నొక్కితే పిండి ముద్దగా నిలవాలి, వేలితో తడితే రాలిపోవాలి" అని ఉంది. ఆ గొడవ తీరింది.

రెండో చిత్తులో "చుక్క పాకం నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి" అని రాశాను. ఆమె వేసింది, ఏదో ముద్దలాంటిది కట్టింది, దించేసింది. నూనెలో వేయగానే అరిసె అంచుల నుంచి విడిపోయి, మూకుడంతా తరకలు. ఫోటో చూశాక అర్థమైంది: ఆమె తీసిన ముద్ద వేలి మీద నిలవకుండా జారుతోంది. అది ఉండ కాదు, దానికి ముందుండే మజిలీ. ఎప్పుడు అయినట్టో చెప్పాను గానీ, ఇంకా కానప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేదు. కొత్తవాళ్ళు మోసపోయేది అక్కడే.

అందుకని మూడో చిత్తులో అంతా చెప్పేశాను. పాకం బుడగలు ఎలా చిక్కబడతాయో, వాసన ఎలా మారుతుందో, చిన్నప్పుడు అమ్మమ్మ నా చేతిలో ఆ ఉండ పెట్టి చప్పరించమన్నదీ, అన్నీ. రాస్తున్నంతసేపూ నాకే నోరూరింది. ఫలితం పైన చెప్పిన టంగు.

ఆ చిత్తుని పట్టుకుని నేనే వండాను. చెల్లి కొలతే: అర కేజీ బియ్యం, 375 గ్రాముల అనకాపల్లి బెల్లం, 100 మిల్లీలీటర్ల నీళ్ళు, మధ్యస్తంగా మంట. బెల్లం కరిగించి వడగట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టి, పొంగు వచ్చిన దగ్గర్నుంచి ఫోన్లో టైమర్ పెట్టాను. ఆరో నిమిషానికి తీగ సాగింది. తొమ్మిదికి ఉండ నిలిచింది. పదిన్నరకి చుక్క పళ్ళేనికి తగిలి టక్కుమంది. అంటే చేతిలో ఉన్నది నిమిషంన్నర. ఆ మెట్టుకు నేను రాసిన పేరా 130 మాటలు. కలుపుతూ, చుక్క వేస్తూ, తలెత్తి చదవడానికి నాకే నిమిషం పైన పట్టింది, రాసింది నేనై ఉండి! మధ్యలో ఫోన్ స్క్రీన్ ఆరిపోతే, బెల్లం అంటిన వేలితో తెరవబోతే తెరుచుకోదు. చెల్లి మీద ఊరికే విసుక్కున్నాను.

డిజిటల్ థర్మామీటర్ కూడా పెట్టి చూశాను. ఒకే రకం ఉండకి ఒకసారి 114, ఇంకోసారి 109 డిగ్రీలు చూపించింది. మూకుట్లో పాకం లోతు రెండు వేళ్ళు కూడా లేదు, దాని మొన సరిగ్గా మునగలేదని నా అనుమానం. పక్కన పెట్టేశాను. పైగా అమ్మమ్మ నోట 114 డిగ్రీలు అనిపిస్తే ఆమె లాగుంటుందా?

దారి దొరికింది పాత రికార్డింగులో. పోయిన సంక్రాంతికి ఆమె అరిసెలు చేస్తుంటే ఫోన్ గూట్లో పెట్టి 47 నిమిషాలు రికార్డు చేశాను. ఆమె మాటల కోసం అప్పటికే పదిసార్లు విన్నాను, మౌనం కోసం ఒక్కసారీ వినలేదు. బెల్లం కరిగేదాకా ఊళ్ళో వాళ్ళందరి సంగతీ చెప్పింది. పాకం దగ్గరపడగానే నోరు మూతపడింది. ఆ నాలుగు నిమిషాల్లో ఆమె అన్నది ఇదే: "పళ్ళెం తే. ఊఁహూఁ. ఇంకా. ఆఁ. పిండి పొయ్యి." పిండి కలిపి మూత పెట్టగానే మళ్ళీ కబుర్లు.

నాలుగో చిత్తులో కబుర్లన్నీ పొయ్యి వెలిగించక ముందుకు జరిపాను:

"ఇది ఇప్పుడే చదువుకో అమ్మణ్ణీ, తర్వాత నీకు తీరికుండదు. పళ్ళెంలో చల్లనీళ్ళు పోసి కుడిపక్కన పెట్టుకో. పిండి మీద తడిగుడ్డ కప్పి ఎడమపక్కన పెట్టు, ఒక గుప్పెడు విడిగా దాచు. చుక్క నీళ్ళలో కరిగిపోతే కంగారు పడబాక, ఇంకా టైముంది. తర్వాత ముద్దలాగే వస్తది గానీ వేలి మీద జారిపోద్ది, దాన్ని చూసి మోసపోబాక. గోళీ లాగా నిలిచి, నొక్కితే మెత్తగా అణగాల. టక్కుమందంటే దాటిపోయినట్టే, అప్పుడు పిండిలో చెంచాడు వేణ్ణీళ్ళు చిలకరించి పిసుకు. పలచనైతే ఆ దాచిన గుప్పెడు కలుపు."

పొయ్యి దగ్గర మాత్రం ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించమన్నాను, ఫోన్ వద్దు:

"చుక్క వెయ్యి. వేళ్ళతో తియ్యి. జారిందా, ఇంకోసారి. నిలిచిందా, పొయ్యి ఆపు. పిండి పొయ్యి."

నిన్న చెల్లి చేసింది. ఇరవై రెండు అరిసెల్లో ఒక్కటీ విడిపోలేదు, కొరికితే మెత్తగా ఉన్నాయట.

అయితే చివర్లో తట్టిన ఏడెనిమిదింటికి అంచులు పగుళ్ళు. పాకం తప్పు కాదనుకుంటున్నా, అదే అయితే మొదటివాటికీ పగలాలి. కలిపిన ముద్ద మీద మూత పెట్టకుండా ఫ్యాను కింద పెట్టుకుని తట్టిందని నా ఊహ. నేనేమో "మూత పెట్టుకో" అని ఒకసారే రాశాను, అదీ కబుర్ల మధ్య. రికార్డింగులో అమ్మమ్మ ఎన్నిసార్లు అందో లెక్కపెట్టాను, ఆరుసార్లు. తిరగరాసేటప్పుడు విసుగని ఐదు నేనే కొట్టేశాను. వాటిలో కనీసం రెండు వెనక్కి పెట్టాలి, ఒకటి పిండి కలపగానే, ఇంకోటి సగం అరిసెలు అయ్యాక.

వచ్చే ఆదివారం ఫ్యాను ఆపించి మళ్ళీ చేయిస్తాను. తర్వాత చేపల పులుసు సరిచూడాలి. అందులో "నిమ్మకాయంత చింతపండు" అని అలాగే వదిలేశాను. ఈసారి కావలి వెళ్ళినప్పుడు అమ్మమ్మ చేత ఉండ చేయించి, ఆమె చూడకుండా తూకం వేయాలి. చూస్తే కావాలని చిన్నది చేస్తుంది.