గోడకు కొట్టిన బంతి బలం లెక్క: ఆ 5 మిల్లీసెకన్ల దగ్గరే అసలు గొడవ

ప్రాజెక్టు రిపోర్టు మీద ఈరోజే సంతకం పడింది, ఆ చిరాకు ఆరకముందే రాసేస్తున్నా. గోడకు తగిలి వెనక్కి వచ్చే టెన్నిస్ బంతి మీద గోడ చూపే సగటు బలం కనుక్కోవాలి, మాకిచ్చిన పని అంతే. సూత్రం ఒక్క లైను: ద్రవ్యవేగంలో మార్పును తాకి ఉన్న సమయంతో భాగించాలి.

బంతి బరువు తూయడం నిమిషం పని, 58 గ్రాములు. వేగాలు ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి, పక్కనే పెట్టిన స్కేలు చూసి లెక్కేశాం. గోడ వైపు సెకనుకు 10 మీటర్లతో వెళ్లింది, 7 మీటర్లతో వెనక్కి వచ్చింది. స్కేలును బంతి వెళ్లే దారికి పక్కనే పెట్టండి, గోడకు ఆనించి వెనకెక్కడో పెడితే వేగం తప్పొస్తుంది.

దిశ మారింది కాబట్టి వేగంలో మార్పు 10 − (−7), అంటే 17. మా ల్యాబ్ ఇన్‌చార్జి మాత్రం "పది ఏడైంది, తేడా మూడే కదా" అన్నారు, అదీ అందరి ముందు. బంతి సరిగ్గా 10తోనే తిరిగొస్తే మీ లెక్కలో గోడ అసలు బలమే చూపనట్టు కదా సార్ అన్నాను. జవాబు లేదు. చెప్పుకోకూడదు గానీ ఆ క్షణం భలే హాయిగా అనిపించింది. మొత్తానికి మార్పు 0.058 × 17 = 0.986 కి.గ్రా.మీ/సె.

ఇక సమయం. పుస్తకాల్లో "బంతి 0.01 సెకను తాకి ఉన్నది అనుకొనుము" అని ఇచ్చేస్తారు, ఎవరు కొలిచారో చెప్పరు. మా ఫోన్ సెకనుకు 240 ఫ్రేములు తీస్తుంది, అంటే ఒక్కో ఫ్రేముకీ మధ్య 4.17 మిల్లీసెకన్లు. వీడియోను ఒక్కో ఫ్రేమే జరుపుతూ చూశాం: బంతి గోడకు ఇవతల ఉంది, తర్వాతి ఫ్రేములో గోడకు అతుక్కుని కాస్త చపటగా ఉంది, ఆ తర్వాతిదాంట్లో మళ్లీ ఇవతలే. ఒకే ఒక్క ఫ్రేములో తాకినట్టు కనిపిస్తే దానర్థం సమయం 4.17 అని కాదు. రెండు పక్కల ఫ్రేముల మధ్య 8.3 మిల్లీసెకన్లలో ఎప్పుడో తాకి ఎప్పుడో వదిలింది, అంతవరకే చెప్పగలం. అంటే బలం 118 న్యూటన్ల కంటే ఎక్కువ. ఎంత ఎక్కువ? దేవుడికే తెలియాలి. అదే వీడియో పట్టుకుని "237 వచ్చింది" అని రాసేసే వాళ్లున్నారు, వాళ్లకు మార్కులూ పడుతున్నాయి.

ఆసిలోస్కోపు అడిగితే బీరువాకు తాళం ఉంది, తాళం చెవి ఇంకెవరి దగ్గరో ఉంది. అడిగి అడిగి విసుగొచ్చి ఆర్డుయినోతో చేశాం. బంతికి వంటింట్లో వాడే అల్యూమినియం రేకు చుట్టాం (పైన చెప్పిన 58 గ్రాములు రేకుతో కలిపే). గోడ మీద రెండు రేకు పట్టీలు 2 మిల్లీమీటర్ల సందు వదిలి అంటించాం, ఒకటి 7వ పిన్నుకు, ఇంకొకటి గ్రౌండుకు. పిన్ను `INPUT_PULLUP`లో ఉండాలి. బంతి సందు మీద పడగానే రెండు పట్టీలూ కలుస్తాయి, వదలగానే విడిపోతాయి. బంతికి వైరు కట్టే బెడద లేదు.

మొదట `pulseIn` వాడితే 0.3, 1.1 లాంటి అర్థంలేని సంఖ్యలు వచ్చాయి. రేకు ముడతల వల్ల బంతి గోడ మీద ఉండగానే కనెక్షన్ తెగి మళ్లీ కలుస్తోంది, `pulseIn` మొదటిసారి తెగగానే ఆపేస్తోంది. అందుకే మొదటి తాకిడి నుంచి చివరి తాకిడి దాకా కొలిచాం:

```
while (digitalRead(7) == HIGH) {}
unsigned long t0 = micros(), t1 = t0;
while (micros() - t0 < 20000)
  if (digitalRead(7) == LOW) t1 = micros();
Serial.println((t1 - t0) / 1000.0);
```

20 మిల్లీసెకన్లు ఆగినా భయం లేదు, ఆలోపు బంతి మళ్లీ వచ్చి తగలదు. అప్పుడు విలువలు 4.6 నుంచి 5.2 మిల్లీసెకన్ల మధ్య కుదురుకున్నాయి, సగటు 4.9. దాంతో బలం 0.986 / 0.0049, సుమారు 200 న్యూటన్లు. సమయంలో ఆ తేడాను బట్టి 190 నుంచి 214 దాకా ఉండొచ్చు, అది కూడా రిపోర్టులో రాయండి. బంతి సొంత బరువు 0.57 న్యూటన్లే కాబట్టి గురుత్వాకర్షణను వదిలేసినా ఫరవాలేదు.

సంతకం పెట్టేముందు ఇన్‌చార్జి గారు "అంటే గోడ మీద 200 కంటే ఎక్కువ పడదన్నమాట" అన్నారు. పడుతుంది. ఇది సగటు మాత్రమే. బలం సున్నా నుంచి పెరిగి మళ్లీ సున్నాకు తగ్గుతుంది. ఆ గ్రాఫు అర్ధ సైన్ ఆకారంలో ఉందనుకుంటే గరిష్ఠ బలం సగటుకు 1.57 రెట్లు, అంటే దాదాపు 315. నిజమైన బంతి గ్రాఫు అంత నున్నగా ఉండదు, దాన్ని చూడాలంటే గోడకు బలాన్ని కొలిచే సెన్సరు పెట్టాలి. పట్టీల కనెక్షన్ తాకిందా లేదా అనే చెబుతుంది, ఎంత గట్టిగా తాకిందో చెప్పదు. అదే మాట రిపోర్టు చివర్లో రాశాను, ఆయన చదవకుండానే సంతకం పెట్టారు.